కుదువ పెట్టిన నగ: భద్రత ఎవరి బాధ్యత, ఎప్పుడు అమ్మొచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చిత్తూరులో లాయరుగా పని చేస్తున్నాను. స్కూలు ఫీజులు కట్టే జూన్ నెలలో, మామిడికి రేటు పలకని ఏడాది, ఇంట్లో ఎవరినైనా ఆస్పత్రిలో చేర్చినప్పుడు మా వైపు చాలా ఇళ్లలో ముందుగా బీరువాలోంచి బయటికి వచ్చేది నగే. దాన్ని కుదువ పెట్టేటప్పుడు ఎవరూ పెద్దగా ప్రశ్నలు అడగరు. ఏడాది తిరిగాక, వేలం నోటీసు చేతిలో పట్టుకుని టెన్షన్‌తో వచ్చినప్పుడే అడుగుతారు. మళ్ళీ మళ్ళీ అవే సందేహాలు వస్తుండడంతో వాటిని అడిగిన మాటల్లోనే ఇక్కడ రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు, ముందువి చదవక్కర్లేదు.

## కుదువ పెట్టేటప్పుడు

కుదువ పెట్టాక నగ వాళ్ళదైపోతుందా, నాదేనా?

మీదే. అప్పు పూర్తిగా ఎగవేసినా, చట్టప్రకారం అమ్మేవరకు మీదే.

ఒక పని కోసం మన వస్తువును ఇంకొకరి చేతికి ఇచ్చి, పని అయ్యాక తిరిగి తీసుకునే ఏర్పాటును భారత కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 148లో బెయిల్‌మెంట్ అంటారు. స్కూటర్ని మెకానిక్‌కి ఇవ్వడం, పట్టుచీర డ్రైక్లీనింగ్‌కి వేయడం, దర్శనానికి వెళ్తూ ఫోన్ కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకోవడం అన్నీ బెయిల్‌మెంట్లే. వస్తువు తీసుకున్నవారిని బెయిలీ అంటారు. అప్పుకు హామీగా వస్తువు ఇస్తే అదీ బెయిల్‌మెంటే, కాకపోతే దాని పేరు తాకట్టు. అది సెక్షన్ 172లో ఉంది.

తాకట్టు పట్టినవారికి రెండే అదనపు హక్కులు ఉంటాయి. అప్పు, వడ్డీ, నగను భద్రపరచడానికి అయిన తప్పనిసరి ఖర్చు తీరేవరకు దాన్ని తమ దగ్గర ఉంచుకోవచ్చు. గడువుకు కట్టకపోతే నోటీసు ఇచ్చి అమ్మొచ్చు. ఈ రెండు తప్ప మిగతా హక్కులన్నీ మీ దగ్గరే ఉంటాయి.

బ్యాంకు, గోల్డ్ లోన్ కంపెనీ, మా వీధి వడ్డీ కొట్టు... అందరికీ ఒకటే రూలా?

పునాది ఒకటే. వస్తువును జాగ్రత్తగా చూడడం, నోటీసు ఇచ్చాకే అమ్మడం, మిగిలిన డబ్బు తిరిగివ్వడం అనే బాధ్యతలు కాంట్రాక్టు చట్టంలోవి కాబట్టి ముగ్గురికీ ఉంటాయి.

బ్యాంకులకు, ఎన్‌బీఎఫ్‌సీ అనే గోల్డ్ లోన్ కంపెనీలకు దానిపైన రిజర్వు బ్యాంకు నియమాలు కూడా ఉన్నాయి. బంగారం, వెండి తాకట్టు అప్పులపై రిజర్వు బ్యాంకు 2025 జూన్ 6న కొత్త ఆదేశాలు ఇచ్చి, 2026 ఏప్రిల్ 1 లోగా అమలు చేయాలని చెప్పింది. వేలం ధర, నగ తిరిగిచ్చే గడువు, ఆలస్యానికి పరిహారం లాంటివి వాటిలో ఉన్నాయి. వడ్డీ కొట్టుకు ఆ ఆదేశాలు వర్తించవు. వారు పాన్‌బ్రోకర్ లైసెన్సుతో, రాష్ట్ర చట్టం కింద నడవాలి. లైసెన్సు లేకుండా చిన్న చీటీ ముక్క మీద అంకెలు రాసి ఇచ్చే చోట నగ పెట్టకండి. గొడవ వస్తే ఆ నగ అక్కడ పెట్టినట్టు నిరూపించడమే పెద్ద పనైపోతుంది.

రసీదులో ఏం చూసుకోవాలి? అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి.

మొత్తం బరువు, రాళ్ళు, లక్క తీసేసిన నికర బరువు, క్యారెట్, నగ వర్ణన, గడువు తేదీ. ఈ ఐదూ ఉండాలి. "హారం 1" అని రాస్తే చాలదు. "లక్ష్మీదేవి లాకెట్ ఉన్న హారం, ఒక కొక్కెం విరిగి ఉంది" అన్నంత వివరంగా ఉంటే, రేపు వేరే నగ చేతిలో పెట్టినా, తూకం తగ్గినా మీకు ఆధారం ఉంటుంది.

ఇచ్చే ముందు త్రాసు మీద నగ పెట్టి, అంకె కనిపించేలా ఫోన్లో ఫోటో తీసుకోండి. బ్యాంకు, కంపెనీ అయితే నాణ్యత పరీక్ష మీ ఎదుటే చేయాలి, ఆ వివరాలతో సర్టిఫికెట్ ఇవ్వాలి. కాగితాలు మీకు అర్థమయ్యే భాషలో ఇమ్మని అడిగే హక్కు కూడా కొత్త ఆదేశాల్లో ఉంది. తెలుగు కాపీ అడగడానికి మొహమాటపడకండి.

మా ఆయన నాకు చెప్పకుండా నా నగలు కుదువ పెట్టేశాడు. అది చెల్లుతుందా?

మీ పుట్టింటివాళ్ళు పెట్టిన నగలు, పెళ్లిలో మీకు వచ్చిన నగలు స్త్రీధనం. అవి పూర్తిగా భార్యవేనని, భర్త చేతిలో ఉన్నా ఆయన వాటికి కాపలాదారు మాత్రమేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది. వస్తువు చేతిలో ఉన్నంత మాత్రాన దాన్ని తాకట్టు పెట్టే హక్కు రాదు. వ్యాపార ఏజెంటు లాంటి కొందరికి చట్టం మినహాయింపు ఇచ్చింది గానీ భర్త ఆ జాబితాలో లేడు.

కానీ కోర్టులో అసలు చర్చ వేరే చోట జరుగుతుంది. మీరే తీసి ఇచ్చారా, తెలిసీ ఊరుకున్నారా, మీరూ సంతకం పెట్టారా అని చూస్తారు. తెలిసి ఇచ్చి, వేలం దగ్గర పడ్డాక "నాకు తెలియదు" అంటే నిలవదు. నిజంగా తెలియకపోతే, తెలిసిన వెంటనే అప్పిచ్చినవారికి రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. నగలు మీవని చూపే బిల్లులు, పెళ్లి ఫోటోలు జత చేయండి. ఆలస్యం చేస్తే "తెలిసే ఊరుకుంది" అనే వాదనకు బలం వస్తుంది.

## నగ వాళ్ళ దగ్గర ఉన్నంత కాలం

వాళ్ళు ఎంత జాగ్రత్తగా చూడాలి? దానికి కొలత ఏమైనా ఉందా?

ఉంది. సెక్షన్ 151 ప్రకారం, సాధారణ వివేకం ఉన్న మనిషి అదే పరిస్థితుల్లో, అంతే పరిమాణం, అదే రకం, అంతే విలువ ఉన్న తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలి.

ఇందులో బరువైన మాట "అదే రకం, అంతే విలువ". చిత్తూరు మండీలో ఒకరు మీ బెల్లం దిమ్మలు దాచారనుకోండి. చెమ్మ తగలకుండా, చీమలు పట్టకుండా, వాన నీరు కారని గదిలో పెడితే ఆ సరుకుకు తగిన జాగ్రత్త తీసుకున్నట్టే. దానికి ఇనుప బీరువా అక్కర్లేదు. అదే మనిషి మీ వంకీని మామూలు టేబుల్ సొరుగులో పెట్టి తాళం వేస్తే, తాళం వేసినా ఆ జాగ్రత్త చాలదు. బంగారం చిన్నది, ఖరీదైనది, నిమిషంలో మాయం చేయగలిగింది. తన బంగారాన్ని వివేకం ఉన్న ఎవరూ సొరుగులో పెట్టరు.

"నా నగలు కూడా అక్కడే పెట్టుకున్నా" అనే సమాధానం ఒక్కటే చాలదు. ఆయన తన నగల విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే ఆ నష్టం ఆయనది, మీ నగల విషయంలో ఆ వీలు లేదు. ఇంకో సంగతి: డబ్బు తీసుకుని దాచినా, ఉచితంగా దాచినా మన చట్టంలో జాగ్రత్త కొలత మారదు. "ఊరికే పెట్టుకోమన్నావు కదా" అని తప్పించుకోవడం కుదరదు.

షాపులో దొంగతనం జరిగింది, "మేమేం చేస్తాం" అంటున్నారు. నాకు దిక్కేది?

దొంగతనం జరిగిందన్న ఒక్క మాటతో వారి బాధ్యత తీరిపోదు. అలాగే దొంగతనం జరిగినంత మాత్రాన ప్రతిసారీ వారే చెల్లించాలనీ లేదు. తగిన జాగ్రత్త తీసుకున్నా వస్తువు పోతే, వేరే ఒప్పందం లేనప్పుడు బెయిలీ బాధ్యుడు కాడని సెక్షన్ 152 చెబుతోంది.

అయితే జాగ్రత్త తీసుకున్నట్టు నిరూపించాల్సింది వారే. మీరు నిరూపించాల్సింది రెండే: నగ ఇచ్చారు, అది తిరిగి రాలేదు. లోపల ఏం జరిగిందో వారికే తెలుసు కాబట్టి కోర్టు వారినే అడుగుతుంది. సేఫ్ ఎలాంటిది, తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి, ఆ రాత్రి కెమెరా, అలారం పని చేశాయా, కాపలా ఉందా, పోయిన వెంటనే పోలీసులకు చెప్పారా అని. తాళం పగలకుండానే నగ పోతే లోపలివారి చెయ్యి ఉందనే అనుమానం సహజంగానే వస్తుంది. ఉద్యోగి తన పనిలో భాగంగా చేతికొచ్చిన నగను కాజేస్తే యజమాని జవాబు చెప్పాలి.

మీరు చేయాల్సింది: ఎఫ్‌ఐఆర్ కాపీ సంపాదించండి, పోయిన నగల జాబితాలో మీది ఉందో లేదో చూడండి, నగ తిరిగివ్వమని రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. వారికి ఇన్సూరెన్స్ ఉందేమో కూడా అడగండి.

వరద నీళ్ళు షాపులోకి వచ్చి వస్తువు పాడైంది. దేవుడి చర్య అంటే సరిపోతుందా?

వాన దేవుడి చర్యే కావచ్చు. వస్తువును ఎక్కడ ఉంచారన్నది మాత్రం మనిషి చేసిన పని. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో చూశాం. ఎన్నడూ నీరు రాని చోట హఠాత్తుగా వస్తే బెయిలీని తప్పుపట్టడం కష్టం. ఒకసారి మునిగిన సెల్లార్లోనే, ఆ అనుభవం తర్వాత కూడా, మీ పట్టుచీరలనో, టీవీనో నేల మీద పెట్టి ఉంచితే వివేకం ఉన్న మనిషి చేసే పని కాదని వాదించొచ్చు. వాన హెచ్చరిక వచ్చాక పై అంతస్తుకు మార్చేంత సమయం దొరికిందా అన్నదీ చూస్తారు.

ఫారంలో "నష్టానికి సంస్థ బాధ్యత వహించదు" అని ఉంది. సంతకం పెట్టేశాను.

ఆ వాక్యం చూసి ఆశ వదులుకోకండి. హోటల్ సిబ్బందికి పార్కింగ్ కోసం తాళం ఇచ్చిన కారు పోయిన కేసులో, "యజమాని సొంత పూచీపై" అని టోకెన్ మీద అచ్చు వేసుకున్నంత మాత్రాన హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2019లో తాజ్ మహల్ హోటల్ కేసులో చెప్పింది. తగిన జాగ్రత్త తీసుకున్నామని ముందు హోటలే చూపాలని కూడా చెప్పింది. కుదువ ఫారంలోని చిన్న అక్షరాలకూ ఇదే వాదన వేయొచ్చు.

ఆచారి దగ్గర చెయ్యడానికి ఇచ్చిన బంగారం పోయినా ఇదే రూలా?

బంగారం ఆయన చేతికి, ఆయన ఆధీనంలోకి వెళ్తే ఇదే రూలు. ఆధీనం అన్న చోటే ఒక చిక్కుంది. చిత్తూరు మద్రాసు హైకోర్టు కింద ఉన్న రోజుల నాటి తీర్పు ఒకటి, 1938 రిపోర్టులో ఉంది. ఒకావిడ పాత నగలు కరిగించి కొత్తవి చేయమని ఇచ్చింది. రోజూ సాయంత్రం సగం చేసిన నగలను తీసుకుని, ఆచారి ఇంట్లోనే ఒక పెట్టెలో పెట్టి, తాళంచెవి తనతో తీసుకెళ్ళేది. ఒక రాత్రి అవి పోయాయి. తాళం ఆవిడ దగ్గరే ఉంది కాబట్టి రాత్రిపూట ఆ నగలు ఆచారి ఆధీనంలో లేవు, బెయిల్‌మెంట్ లేదు అని కోర్టు తేల్చింది. నమ్మకం లేక తాళం దగ్గర పెట్టుకోవడమే ఆవిడ కేసును దెబ్బ తీసింది. ఇస్తే పూర్తిగా అప్పగించి రసీదు తీసుకోండి, లేదంటే ఇంటికి తెచ్చుకోండి.

నగ పోతే ఎంత ఇవ్వాలి? అప్పు మాఫీ చేస్తే సరిపోతుందా?

సరిపోదు. పోయింది మీ నగ, దాని విలువ అప్పు కంటే ఎక్కువ. విలువలోంచి మీరు కట్టాల్సిన అసలు, వడ్డీ తీసేసి మిగతాది మీకు రావాలి. "అప్పు కొట్టేశాం, సంతకం పెట్టండి" అని కాగితం ఇస్తే లెక్క చూడకుండా సంతకం చేయకండి. పూర్తి పరిష్కారం కింద తీసుకున్నట్టు రాసి ఉంటే తర్వాత వాదించడం చాలా కష్టం.

ఇంకొకటి. అప్పూ రాబట్టాలి, నగా ఇవ్వను అంటే కుదరదు. నగ తిరిగిచ్చే స్థితిలో లేనివారు అప్పుకు డిక్రీ కోరలేరని సుప్రీంకోర్టు 1967లో లల్లన్ ప్రసాద్ కేసులో చెప్పింది. వారి తప్పేమీ లేకుండా, తగిన జాగ్రత్త తీసుకున్నా నగ పోయిందని తేలితే మాత్రం అప్పు మీ మీద ఉంటుంది.

లాకర్లో పెట్టిన నగకు?

అది వేరే లెక్క. లాకర్లో ఏముందో బ్యాంకుకు తెలియదు. దొంగతనం, అగ్నిప్రమాదం, ఉద్యోగి మోసం లాంటివి బ్యాంకు లోపంవల్ల జరిగితే, రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం లాకర్ ఏడాది అద్దెకు 100 రెట్ల వరకు బ్యాంకు బాధ్యత ఉంటుంది.

## గడువు దాటాక

గడువు దాటిన మర్నాడే అమ్మేయొచ్చా?

లేదు. సెక్షన్ 176 ప్రకారం రెండు జరగాలి: మీరు గడువుకు కట్టకపోవడం, ఆ తర్వాత అమ్మకం గురించి సహేతుకమైన నోటీసు ఇవ్వడం. ఊళ్ళో తెలిసినవాళ్ళ దగ్గర గడువు రాసుకోకుండా కుదువ పెట్టి ఉంటే, ముందు వారు అప్పు అడగాలి, కట్టడానికి సమయం ఇవ్వాలి. అడగకుండానే "ఎగవేశావు" అనడానికి లేదు.

నోటీసు ఎన్ని రోజులు అన్న అంకె ఆ సెక్షన్‌లో లేదు. మీరు డబ్బు సర్దుకోవడానికి నిజంగా వీలు ఉండాలన్నదే దాని ఉద్దేశం. శుక్రవారం చేతికి అంది, సోమవారం వేలం అని ఉన్న నోటీసును సహేతుకం అనడం కష్టం.

"వెంటనే అప్పు కట్టండి" అని లెటర్ వచ్చింది. తర్వాత అమ్మేశారు. అదే నోటీసు అంటున్నారు.

నేను ఎక్కువగా చూసే గొడవ ఇదే. అప్పు అడగడం వేరు, అమ్ముతామని చెప్పడం వేరు. సెక్షన్ 176 కోరేది రెండోది. బాకీ ఎంత, ఎప్పటిలోగా కట్టాలి, కట్టకపోతే ఈ నగను అమ్ముతాం అనే ఉద్దేశం స్పష్టంగా కనిపించాలి. "కట్టకపోతే తగిన చర్యలు తీసుకుంటాం" అన్నది నోటీసు కాదని వాదించడానికి మంచి ఆధారం ఉంది, ఎందుకంటే తగిన చర్య అంటే దావా కూడా కావచ్చు.

పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. "మీ ఖాతా బకాయి పడింది, శాఖను సంప్రదించండి" అనే ఎస్ఎంఎస్ అప్పు గుర్తుచేస్తోంది. "మీ 40 గ్రాముల హారంపై బాకీ రూ. 2,80,000, ఫలానా తేదీలోగా కట్టకపోతే ఫలానా తేదీ తర్వాత వేలం వేస్తాం" అనే ఉత్తరం అమ్మకం నోటీసు. రెండోది వస్తే పక్కన పడేయకండి. కవరు మీద పోస్టు ముద్ర తేదీ ఉంటుంది, కవరు కూడా దాచండి. ఎన్ని రోజులు మిగిలాయో చూపే సాక్ష్యం అదే.

"నోటీసు లేకుండా అమ్ముకోవచ్చు" అని ఒప్పందంలో సంతకం పెట్టాను కదా?

ఆ షరతు నిలవదు. కాంట్రాక్టు చట్టంలో చాలా సెక్షన్లు "వేరే ఒప్పందం లేకపోతే" అన్న మాటతో ఉంటాయి, అంటే ఇద్దరూ ఒప్పుకుని మార్చుకోవచ్చు. సెక్షన్ 176లో ఆ మాట లేదు. కాబట్టి నోటీసు ఇవ్వాల్సిందేనని కోర్టులు చెబుతూ వచ్చాయి.

మేం ఇల్లు మారాం. నోటీసు పాత అడ్రసుకు వెళ్ళింది.

మీరు అడ్రసు మార్పు చెప్పకపోతే, రికార్డులో ఉన్న అడ్రసుకు పంపిన నోటీసు సరైనదేనని వారు చెప్పగలరు. అందుకే చంద్రగిరి నుంచి తిరుపతికి మారినా సరే, గోల్డ్ లోన్ ఉంటే ఒక కాగితం రాసి ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఫోన్ నంబరు మారినా అంతే. కొత్త అడ్రసు చెప్పిన ఆధారం ఉండి, అయినా పాత చోటికే పంపితే మీ కేసు బలంగా ఉంటుంది. అప్పు తీసుకున్నవారు చనిపోతే విడిపించుకునే హక్కు వారసులకు వస్తుంది. వారు వెంటనే సంస్థకు చెప్పి, నోటీసులు తమకు పంపమని రాయాలి.

"గడువు దాటింది, ఇక నగ మాదే" అంటున్నారు. వాళ్ళే ఉంచేసుకోవచ్చా?

ఉంచుకోకూడదు. తాకట్టు పట్టినవారికి ఉన్నవి రెండు దారులు. ఒకటి, అప్పుకు దావా వేసి నగను హామీగా పెట్టుకోవడం. రెండు, నోటీసు ఇచ్చి బయటివారికి అమ్మడం. నగను సొంతం చేసుకోవడం అనే మూడో దారి లేదు. తనకు తానే అమ్ముకోవడం అసలు అమ్మకమే కాదని, దానివల్ల తాకట్టు ముగియదని సుప్రీంకోర్టు 2022లో పీటీసీ ఇండియా ఫైనాన్షియల్ కేసులో వివరంగా చెప్పింది. ఆ కేసు షేర్ల తాకట్టుది, కానీ సూత్రం నగలకూ అదే. తమ్ముడి పేరు మీద, గుమాస్తా పేరు మీద కొన్నట్టు రాసుకున్నా కోర్టు లోతుగా చూస్తుంది.

వేలం రోజు ఉదయం డబ్బు తీసుకెళ్తే ఇవ్వాల్సిందేనా?

ఇవ్వాల్సిందే. సెక్షన్ 177 ప్రకారం నగ నిజంగా అమ్ముడుపోయే క్షణం వరకు విడిపించుకోవచ్చు. మీరు కట్టకపోవడంవల్ల వారికి అయిన అదనపు ఖర్చు, అంటే నోటీసు, వేలం ప్రకటన ఖర్చు, కలిపి కట్టాలి. డబ్బు తీసుకోకపోతే అక్కడే రాతపూర్వకంగా ఇవ్వండి, మెయిల్ పంపండి, డబ్బు సిద్ధంగా ఉందని చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టుకోండి. నోట్లు సంచిలో ఉన్నాయని తర్వాత చెబితే ఎవరూ నమ్మరు.

బంగారం రేటు బాగున్నప్పుడు అమ్మమన్నాను. అమ్మలేదు, రేటు పడ్డాక అమ్మారు. నష్టం వాళ్ళదే కదా?

బాధగా ఉన్నా, సాధారణంగా కాదు. అమ్మడం వారి హక్కే గానీ, మీరు అడిగిన రోజున అమ్మి తీరాలన్న బాధ్యత కాదు. రేటు బాగుందని మీకు అనిపించినప్పుడు మీ చేతిలో ఉన్న దారి విడిపించుకుని మీరే అమ్ముకోవడం. డబ్బు లేకపోతే, కొనేవారిని శాఖకే తీసుకెళ్ళి, వారి డబ్బుతో అప్పు తీర్చి మిగతాది తీసుకునే ఏర్పాటు అడగొచ్చు. ఒప్పుకునే సంస్థలు ఉన్నాయి.

వేలం మన ఊళ్ళోనే వేయాలా? ఎంతకైనా అమ్మేయొచ్చా?

బ్యాంకులు, కంపెనీల విషయంలో రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాలు స్పష్టంగా ఉన్నాయి. మొదటి వేలం అప్పు ఇచ్చిన శాఖ ఉన్న జిల్లాలోనే జరగాలి. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి, చిత్తూరు వేర్వేరు జిల్లాలు కాబట్టి మీ శాఖ ఎందులో ఉందో చూసుకోండి. వేలాన్ని రెండు పత్రికల్లో ప్రకటించాలి, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషది. కనీస ధర ఆనాటి విలువలో 90 శాతానికి తగ్గకూడదు. రెండుసార్లు వేలం విఫలమైతే 85 శాతం. సంస్థ, దానికి సంబంధించినవారు పాటలో పాల్గొనకూడదు.

వడ్డీ కొట్టుకు ఈ శాతాలు లేవు. అయినా విలువలో సగానికి పక్కవాడికి కట్టబెడితే అది నిజాయితీగా చేసిన అమ్మకం కాదని ప్రశ్నించొచ్చు.

## అమ్మిన తర్వాత

వేలం అయ్యాక లెక్క ఎలా వేస్తారు? నాకు ఏమైనా వస్తుందా?

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకావిడ అయిదు సవర్ల హారం, అంటే నికరంగా 40 గ్రాములు, తిరుపతిలో పెట్టి రూ. 2,50,000 తీసుకుంది. వడ్డీ ఏడాదికి 12 శాతం, గడువు 12 నెలలు. గడువుకు కట్టలేదు. నోటీసు వచ్చింది, 14 నెలలు నిండాక వేలం జరిగింది. లెక్క సులువుగా ఉండడానికి ఆ రోజు గ్రాము రూ. 10,000 అనుకుందాం.

నగ విలువ రూ. 4,00,000. కనీస ధర అందులో 90 శాతం, రూ. 3,60,000. పాట రూ. 3,72,000కి పోయింది. నెలకు రూ. 2,500 చొప్పున 14 నెలల వడ్డీ రూ. 35,000. వేలం ఖర్చు రూ. 3,000. మొత్తం బాకీ రూ. 2,88,000. మిగిలిన రూ. 84,000 ఆవిడది. అది దయ కాదు, సెక్షన్ 176లోనే ఉన్న హక్కు. బ్యాంకు, కంపెనీ అయితే వేలం డబ్బు పూర్తిగా అందిన ఏడు పని దినాల్లో ఇవ్వాలి.

చాలామంది వేలం అయిపోయిందని తెలిసి, బాధతో మళ్ళీ ఆ గడప తొక్కరు. ఆ రూ. 84,000 అక్కడే ఉండిపోతుంది. వేలం లెక్క రాతపూర్వకంగా అడగండి: ఎవరు కొన్నారు, ఎంతకు, బరువు ఎంత చూపారు, ఏ ఖర్చు ఎందుకు కోశారు. రసీదులో 40 గ్రాములు ఉండి, వేలం పత్రంలో 38.5 ఉంటే ఆ తేడా గ్రామున్నరకు వారే జవాబు చెప్పాలి.

తక్కువకు పోయింది. తగ్గిన డబ్బు నన్ను కట్టమంటున్నారు.

అమ్మకం సక్రమంగా జరిగితే కట్టాలి. బాకీ రూ. 2,88,000 ఉండి, రేటు పడిపోయి నగకు రూ. 2,60,000 మాత్రమే వస్తే, రూ. 28,000 ఇంకా మీ అప్పే. నోటీసు లేకుండా, గుట్టుగా అమ్మి ఉంటే మాత్రం ఆ మొత్తం మీద గట్టిగా వాదించొచ్చు.

అప్పు తీసి మూడేళ్ళు దాటింది. ఇక నగ అమ్మే హక్కు వాళ్ళకు పోయినట్టేనా?

కాదు. మూడేళ్ళు దాటితే అప్పు కోసం దావా వేసే దారి మూసుకుపోవచ్చు. అప్పు మాత్రం చచ్చిపోదు, చేతిలో ఉన్న నగను నోటీసు ఇచ్చి అమ్మే హక్కు మిగులుతుంది.

అప్పు మొత్తం తీర్చాను. వేరే బాకీ ఉందని నగ ఇవ్వట్లేదు.

వడ్డీ కొట్టయినా, కంపెనీ అయినా, వేరే అప్పుకు ఈ నగను ఆపాలంటే అలా ఒప్పందం ఉండాలి. సెక్షన్ 174 చెప్పేది అదే. మీ అన్న అప్పుకు, మీరు జామీను లేనప్పుడు, మీ నగను ఆపడం కుదరదు. బ్యాంకులకు మాత్రం సెక్షన్ 171 కింద విస్తృతమైన హక్కు ఉంది, మీ మరో బాకీకి నగను ఆపుతామని అవి వాదిస్తాయి. అందుకే బ్యాంకులో వేరే లోను ఉన్నవారు కుదువ పెట్టే ముందే అడిగి తెలుసుకోవాలి.

బ్యాంకు, కంపెనీ అయితే, రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాల ప్రకారం పూర్తిగా తీర్చిన రోజే లేదా గరిష్ఠంగా ఏడు పని దినాల్లో నగ ఇవ్వాలి. సంస్థ తప్పువల్ల అంతకు మించితే రోజుకు రూ. 5,000 పరిహారం.

నోటీసు లేకుండా నగ అమ్మేశారు. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలి?

ఇంకా అమ్మలేదని తెలిస్తే సివిల్ కోర్టులో అమ్మకం ఆపే ఉత్తర్వు అడగొచ్చు, ఒక్క రోజు కూడా ఆగొద్దు. అమ్ముడుపోయి కరిగిపోయాక నగ తిరిగి రావడం అరుదు. అప్పుడు అడగాల్సింది విలువలో తేడా, నష్టపరిహారం.

బ్యాంకు, కంపెనీ అయితే ముందు వారికే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా cms.rbi.org.in లో, ఇలాంటి ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపొచ్చు, ఫీజు లేదు. సేవలో లోపంగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలంటే గడువు రెండేళ్ళు. కుదువ పెట్టిన వస్తువును తిరిగి రాబట్టే సివిల్ దావాకు మూడేళ్ళు, అది మీరు అడిగి వారు నిరాకరించిన రోజు నుంచి లెక్క. అందుకే "ఇవ్వం" అన్న మాట నోటితో వదిలేయకుండా, మీరు అడిగిన ఉత్తరం, దానికి వచ్చిన జవాబు తేదీలతో సహా ఉంచుకోండి. పోలీసు కేసు పెట్టాలంటే మోసపు ఉద్దేశం చూపాలి. నోటీసులో లోపం ఒక్కటే నేరం కాదు. నగను రహస్యంగా అమ్మి, "మా దగ్గరే ఉంది" అని నెలల తరబడి వడ్డీ కట్టించుకుంటే అది వేరే సంగతి. ఆ వడ్డీ రసీదులన్నీ తేదీ వరసలో పెట్టి తీసుకురండి.